ఫోనుకు 12 శాతం వడ్డీ ఈఎంఐ: నెలకు ఎంత, మొత్తం మీద ఎంత ఎక్కువ?

ఫోను ధర 24,000 రూపాయలు. కౌంటరు దగ్గర కూర్చున్న ఫైనాన్స్ ప్రతినిధి చీటీ మీద మూడు అంకెలు రాసి ఇస్తాడు: 12 నెలలు, 12 శాతం, నెలకు 2,240. పక్కనే ఉన్న స్నేహితుడు తన క్రెడిట్ కార్డు మీద 18 శాతానికి ఈఎంఐ పెట్టించుకోమంటాడు. 12 కంటే 18 ఎక్కువని చిన్న పిల్లవాడికీ తెలుసు కాబట్టి చాలామంది మొదటి చీటీ మీదే సంతకం పెడతారు. కానీ వడ్డీ లెక్క కట్టి చూస్తే 18 శాతం కార్డు వాయిదా నెలకు 2,200 రూపాయలే. అంటే నెలకు 40 రూపాయలు తక్కువ. శాతం ఎక్కువగా ఉన్నచోట వాయిదా తక్కువెలా అయింది? ఇది అర్థమైతే ఏ ఆఫరు ఎవరికి నప్పుతుందో తేల్చుకోవడం కష్టం కాదు.

ఈ వ్యాసంలో ఒకే ఫోను, ఒకే ధర, ఒకే గడువు పెట్టుకుని మూడు రకాల వాయిదాలను పక్కపక్కన చూద్దాం. ఫీజులు, రేట్లు లెక్క కోసం తీసుకున్నవి. మీ చీటీ మీద ఉన్న అంకెలు వేరైతే వాటిని పెట్టుకుని ఇదే దారిలో లెక్క వేసుకోవచ్చు.

## ముందు ఏమేమి చూడాలి

అమ్మేవాళ్లు మన ముందు పెట్టేది నెల వాయిదా ఒక్కటే. అది మన జీతంలో ఇముడుతుందా లేదా అన్నది తేలుస్తుంది తప్ప ఫోను ఎంతకు పడిందో చెప్పదు. దానికి చూడవలసింది రెండో అంకె: మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మన జేబులోంచి వెళ్లే ప్రతి రూపాయీ కలిపి, అందులోంచి నగదు ధర తీసేస్తే మిగిలేది. నగదు ధర అంటే పెట్టె మీద అచ్చువేసిన ధర కాదు, అదే రోజు మొత్తం డబ్బు చేతిలో పెడితే దుకాణం ఇచ్చే ధర. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

మూడోది, వడ్డీని దేనిమీద కడుతున్నారు? తీసుకున్న మొత్తం మీద చివరిదాకా కడుతున్నారా, నెలనెలా తగ్గే బాకీ మీదనా? నాలుగోది, మధ్యలో డబ్బు చేతికొచ్చి ముందే తీర్చేస్తే ఏమవుతుంది, ఒక నెల వాయిదా తప్పితే ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్నను కౌంటరు దగ్గర ఎవరూ అడగరు. అడగవలసిన ప్రశ్న మాత్రం అదే.

## స్థిర వడ్డీ ఈఎంఐ

ఇక్కడ లెక్క చాలా తేలిక. అదే దాని ఆకర్షణ. అసలును వడ్డీ రేటుతోనూ సంవత్సరాలతోనూ గుణించాలి, వచ్చిన వడ్డీని అసలుకు కలపాలి, నెలల సంఖ్యతో భాగించాలి.

24,000 మీద 12 శాతం చొప్పున ఏడాదికి వడ్డీ 2,880. మొత్తం 26,880. దాన్ని పన్నెండుతో భాగిస్తే 2,240. కాగితం, పెన్ను చాలు.

చిక్కంతా 'అసలు' దగ్గరే ఉంది. మన ఊళ్లలో నూటికి రూపాయి వడ్డీ అంటే అందరికీ తెలుసు. నెలకు నూరు రూపాయలకు ఒక రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం. తెలిసినవాళ్ల దగ్గర 24,000 రూపాయి వడ్డీకి తెచ్చుకుంటే, ఏడాది పొడవునా 24,000 మన దగ్గరే ఉంటుంది. నెలనెలా 240 వడ్డీ కట్టి, చివర అసలు తిరిగిస్తాం. కట్టిన వడ్డీ 2,880. ఏడాదంతా వాడుకున్న డబ్బుకు ఏడాది వడ్డీ, న్యాయమైన లెక్క.

ఈఎంఐలోనూ కట్టేది అదే 2,880. కానీ ఇక్కడ మొదటి నెల చివరికే అసలులో కొంత వెనక్కి ఇచ్చేస్తున్నాం. నెలకు 2,000 చొప్పున అసలు తగ్గుతుందనుకుంటే, మొదటి నెల మన దగ్గర 24,000, రెండో నెల 22,000, ఆరు నెలలు గడిచేసరికి 12,000, చివరి నెల 2,000 మాత్రమే ఉంటుంది. ఏడాది మొత్తానికి సగటు తీస్తే మనం వాడుకున్నది 13,000. చివరి నెలలో మన దగ్గర మిగిలిన 2,000 మీద కూడా 240 రూపాయల వడ్డీ వసూలవుతోంది. ఆ ఒక్క నెలకు అది నూటికి పన్నెండు రూపాయల వడ్డీ!

13,000 మీద 2,880 అంటే సుమారు 22 శాతం. కచ్చితంగా కడితే 21.5 దగ్గర తేలుతుంది. మన భాషలో చెప్పాలంటే, రూపాయి వడ్డీ అని చెప్పి రూపాయి ఎనభై పైసల వడ్డీ తీసుకుంటున్నారు. మోసమా అంటే కాదు, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే లెక్క కట్టారు. ఆ పద్ధతిని మనం అడగలేదు, అంతే.

ఇందులో ఇంకొక గందరగోళం ఉంది. రేటు గడువంతా మారకుండా ఉండటాన్ని కూడా స్థిర వడ్డీ అనే అంటారు. తగ్గే బాకీ మీద కట్టే వడ్డీ కూడా ఆ అర్థంలో స్థిరంగా ఉండవచ్చు. అందుకని 'వడ్డీ స్థిరమేనా' అని అడిగితే లాభం లేదు. 'చివరి నెలలో కూడా మొత్తం 24,000 మీదే వడ్డీ కడతారా' అని అడగండి. ఔనంటే అది ఫ్లాట్ వడ్డీ.

ఎవరినీ అడగకుండా తెలుసుకునే దారి కూడా ఉంది. ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉన్న ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా ఈ వరుస టైపు చేయండి:

```
=RATE(12,-2240,24000)*12
```

మొదటి అంకె నెలల సంఖ్య, రెండోది మైనస్ గుర్తుతో నెల వాయిదా, మూడోది చేతికందిన అప్పు. జవాబు 0.2146 దగ్గర వస్తుంది, అంటే 21.46 శాతం. చీటీ మీద రాసిన శాతానికి ఈ జవాబు దగ్గరగా వస్తే తగ్గే బాకీ లెక్క. దాదాపు రెట్టింపు వస్తే ఫ్లాట్.

గడువు పెంచితే ఏమవుతుందో కూడా చూడాలి, ఎందుకంటే వాయిదా బరువనిపిస్తే అమ్మేవాళ్లు వెంటనే చూపే దారి అదే. 12 శాతం ఫ్లాట్ వడ్డీకే, ఫీజులు కలపకుండా:

| గడువు | నెల వాయిదా | మొత్తం వడ్డీ | నిజంగా పడే రేటు (సుమారు) |
|---|---|---|---|
| 6 నెలలు | 4,240 | 1,440 | 20.3 శాతం |
| 12 నెలలు | 2,240 | 2,880 | 21.5 శాతం |
| 24 నెలలు | 1,240 | 5,760 | 21.6 శాతం |

రేటు పెద్దగా కదలకపోయినా వడ్డీ మాత్రం నెలలతో పాటే నేరుగా పెరుగుతుంది. 24 నెలల వరుసలో వాయిదా 1,240 అని చూసి ఊరట పడేముందు, ఫోను 29,760కి పడుతోందని గుర్తుంచుకోవాలి. ఫోను ఎన్నాళ్లు పనిచేస్తుందో, రెండేళ్ల తర్వాత మీ చేతిలో అదే ఉంటుందో లేదో కూడా ఆలోచించుకోవాలి. పాడైపోయిన ఫోనుకు వాయిదా కట్టడం కంటే విసుగైన పని ఇంకొకటి ఉండదు.

### ఫీజులు ఎక్కడ కలుస్తాయి

ప్రాసెసింగ్ ఫీజు 500 అనుకుందాం. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 590. చిన్న మొత్తమే అనిపిస్తుంది. కానీ 590 మొదటిరోజే కట్టేశాం కాబట్టి మనకు నిజంగా అందిన సాయం 24,000 కాదు, 23,410. పైన ఇచ్చిన RATE వరుసలో 24000 బదులు 23410 పెట్టి చూడండి. రేటు 21.5 నుంచి 26 శాతం దాటుతుంది. అప్పు చిన్నదైనకొద్దీ ఫీజు కాటు పెద్దది.

మొదటి వాయిదాను కొన్న రోజే తీసుకునే పద్ధతి కూడా ఉంది. 'ఇవాళ 2,240 కట్టండి, మిగతాది పదకొండు నెలలు' అంటారు. మొత్తం అదే 26,880 కాబట్టి అదనంగా ఏమీ పోలేదనిపిస్తుంది. నిజానికి ఆ రోజు మనకు అందింది 21,760 మాత్రమే, వడ్డీ మాత్రం 24,000 మీద కట్టారు. ఫీజు కలపకముందే రేటు 25 శాతం దాటుతుంది.

ఇక తెర పగిలితే బీమా, అదనపు వారంటీ వంటివి అప్పులోనే కలిపేస్తుంటారు. వద్దనుకుంటే కలపకముందే చెప్పాలి. ఒకసారి కలిశాక వాటి మీద కూడా వడ్డీ నడుస్తుంది.

## క్రెడిట్ కార్డు మీద వడ్డీతో ఈఎంఐ

కార్డు ఈఎంఐలో వడ్డీని మామూలుగా తగ్గే బాకీ మీద కడతారు. 24,000, ఏడాదికి 18 శాతం, అంటే నెలకు 1.5 శాతం. మొదటి నెల వడ్డీ 360. వాయిదా 2,200లో మిగతా 1,840 అసలుకు పోతుంది. రెండో నెల వడ్డీ 22,160 మీదే. ఇలా తగ్గుతూ చివరి నెలకు వడ్డీ 32 రూపాయల దగ్గరికి దిగుతుంది. మొత్తం వడ్డీ 2,404. ఫ్లాట్ లెక్కలో కట్టిన 2,880 కంటే 476 తక్కువ.

ఇక్కడే తొందరపడి కార్డు గెలిచిందనకూడదు. కార్డు మీద కట్టే వడ్డీకి 18 శాతం జీఎస్టీ ఉంది. ఫైనాన్స్ సంస్థ ఇచ్చే మామూలు అప్పు మీద వడ్డీకి జీఎస్టీ లేదు, దాని ఫీజులకు మాత్రమే ఉంటుంది. 2,404 మీద జీఎస్టీ 433. దాన్ని కలిపితే కార్డు దారిలో మొత్తం 26,837, ఫ్లాట్ దారిలో 26,880. అంటే 12 శాతం ఫ్లాట్, 18 శాతం కార్డు దాదాపు సమ ఉజ్జీలు. తేడా 43 రూపాయలు! ఇక తేల్చేది ప్రాసెసింగ్ ఫీజే.

జీఎస్టీ వల్ల ఇంకొక చిన్న సంగతి. కార్డు బిల్లులో ప్రతి నెలా ఒకే మొత్తం రాదు. మొదటి నెల 2,200 వాయిదాకు 65 రూపాయల జీఎస్టీ కలుస్తుంది, ఫీజు కూడా అప్పుడే పడుతుంది. చివరి నెలకు ఆ జీఎస్టీ ఆరు రూపాయలకు తగ్గుతుంది. ఆఫరులో చూపిన వాయిదా కంటే మొదటి బిల్లు ఎక్కువెందుకు వచ్చిందని కంగారు పడేవాళ్లకు కారణం ఇదే.

కార్డు దారిలో అసలు ప్రమాదం వడ్డీలో కాదు, మిగతా బిల్లులో ఉంది. ఈఎంఐ పెట్టిన మొత్తం మేరకు కార్డు పరిమితి బిగుసుకుపోతుంది, వాయిదాలు కట్టేకొద్దీ మెల్లగా విడుదలవుతుంది. ఏ నెలైనా బిల్లు మొత్తం కట్టకుండా కనీస మొత్తంతో సరిపెడితే, మిగతా కొనుగోళ్ల మీద ఈఎంఐ వడ్డీ కంటే చాలా ఎక్కువ రేటు మొదలవుతుంది. ప్రతి నెలా బిల్లు పూర్తిగా తీర్చే అలవాటు లేనివాళ్లకు ఈ దారి సూచించను.

## నో కాస్ట్ ఈఎంఐ

ఊరికే డబ్బు ఎవరూ ఇవ్వరు. నో కాస్ట్‌లో వడ్డీ మాయమవదు, దాన్ని దుకాణమో తయారీ సంస్థో భరిస్తుంది, లేదా అది ధరలో కలిసిపోయి ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2013లోనే సున్నా వడ్డీ పథకాల మీద అభ్యంతరం చెప్పింది. 2022లో కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో, ఈఎంఐగా మార్చేముందే అసలు ఎంత, వడ్డీ ఎంత, నో కాస్ట్ కావడానికి ముందుగా ఇచ్చిన తగ్గింపు ఎంత అన్నది వినియోగదారుడికి స్పష్టంగా చూపాలని చెప్పింది. వడ్డీ ఉన్నదాన్ని సున్నా వడ్డీగా మరుగుపరచకూడదనీ చెప్పింది.

పనిచేసే తీరు ఇలా ఉంటుంది. బ్యాంకు రేటు 15 శాతం అనుకుందాం. మీరు నెలకు సరిగ్గా 2,000 చొప్పున పన్నెండు నెలలు, మొత్తం 24,000 కట్టాలి. అందుకోసం ధరలో 1,841 తగ్గించి, 22,159 మాత్రమే కార్డు మీద వేస్తారు. దాని మీద ఏడాదికి వడ్డీ 1,841 అవుతుంది. తగ్గింపు, వడ్డీ చెల్లుకు చెల్లు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీని మాత్రం ఎవరూ తగ్గించరు. అది 331 రూపాయలు, మీరే కట్టాలి. ఫీజు 199, దాని జీఎస్టీతో 235. మొత్తం 24,566.

ఇప్పుడు మొదట్లో చెప్పుకున్న నగదు ధర సంగతి. మొత్తం డబ్బు ఒకేసారి కడితే దుకాణం 1,000 తగ్గించి 23,000కి ఇస్తుందనుకోండి. నో కాస్ట్ ఎంచుకున్నందుకు ఆ తగ్గింపు పోయింది. అంటే మీరు నిజంగా ఎక్కువ కట్టింది 566 కాదు, 1,566. నో కాస్ట్ ఆఫరును తూచే పద్ధతి ఇదొక్కటే: అదే రోజు అదే ఫోను నగదుకు ఎంతకు వస్తుందో ముందు కనుక్కోవాలి. ఎంతకీ తగ్గించకపోతే నో కాస్ట్ మంచి బేరమే. రెండు మూడు వేలు తగ్గిస్తానంటే ఆ బేరం పేరులోనే మిగిలింది.

## మూడూ పక్కపక్కన

| | స్థిర వడ్డీ, 12 శాతం | కార్డు, 18 శాతం | నో కాస్ట్ |
|---|---|---|---|
| నెల వాయిదా | 2,240 | 2,200 | 2,000 |
| మీరు భరించే వడ్డీ | 2,880 | 2,404 | 0 |
| వడ్డీ మీద జీఎస్టీ | లేదు | 433 | 331 |
| ఫీజు, జీఎస్టీతో | 590 | 235 | 235 |
| మొత్తం చెల్లింపు | 27,470 | 27,072 | 24,566 |
| 24,000 కంటే ఎక్కువ | 3,470 | 3,072 | 566 |

దుకాణం నగదు తగ్గింపు ఇస్తుంటే ఆఖరి వరుసలో మూడింటికీ అంత మొత్తం కలుపుకోవాలి. మొదటి రెండు దారుల మధ్య తేడా మొత్తం మీద 398 రూపాయలే. కాబట్టి కార్డు లేనివాళ్లు దానికోసం బాధపడనక్కర్లేదు. ఫైనాన్స్ సంస్థతో ఫీజు తగ్గించమని బేరమాడితే ఆ తేడాలో చాలా భాగం అక్కడే మాసిపోతుంది.

## ముందే తీర్చేస్తే కలిసొస్తుందా

ఆరు వాయిదాలు కట్టాక బోనసు వచ్చింది, బాకీ తీర్చేద్దామనుకున్నారు. ఫ్లాట్ లెక్కలో నెలకు 2,000 అసలు తీరుతోందని మనసులో ఉంటుంది కాబట్టి ఇంకా 12,000 ఉంటుందనుకుంటారు. సంస్థ తన పుస్తకాల్లో మాత్రం 21.46 శాతం తగ్గే బాకీ లెక్కను నడుపుతూ ఉండవచ్చు. ఆ లెక్కలో మొదటి నెల వాయిదాలో 429 వడ్డీ, 1,811 మాత్రమే అసలు. ఆరో వాయిదా కట్టాక మిగిలే బాకీ 12,637.

ముందుగా తీర్చినందుకు 4 శాతం రుసుము, దానిమీద జీఎస్టీ ఉందనుకుంటే 596. మొత్తం కట్టవలసింది 13,233. ఏమీ చేయకుండా మిగతా ఆరు వాయిదాలు కడుతూ పోతే 13,440. అంటే ఇంత హడావుడి చేసి మిగిలింది 207 రూపాయలు. కొన్ని ఒప్పందాల్లో మిగిలిన వడ్డీని తగ్గించనే తగ్గించరు, అప్పుడు ఆ 207 కూడా ఉండదు. ఏడాదిలోపు చిన్న అప్పులను ముందే మూసేయడం వల్ల లాభం చాలా తక్కువ. ముందే తీర్చగలనని నమ్మకం ఉంటే మొదట్లోనే తక్కువ గడువు ఎంచుకోవడం మేలు.

చేతిలో ఉన్న కొంత డబ్బు మొదట కట్టడం మాత్రం వేరే కథ. 24,000లో 8,000 డౌన్ పేమెంట్ కట్టి, మిగతా 16,000ను అదే 12 శాతం ఫ్లాట్ వడ్డీకి ఎనిమిది నెలల గడువుతో తీసుకుంటే వడ్డీ 1,280, వాయిదా 2,160. నెల భారం ఇంచుమించు పాతదే, ఇంకా 80 తక్కువే. వడ్డీ మాత్రం 2,880 నుంచి సగం కంటే కిందికి పడింది. ఫ్లాట్ వడ్డీ అప్పులో మన చేతిలో ఉన్న పెద్ద మీట ఇదే: అసలు తగ్గించడం, నెలలు తగ్గించడం, రెండూ ఒకేసారి.

## సంతకానికి ముందు చూడవలసిన కాగితం

2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన రిటైల్ అప్పులన్నిటికీ బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే పత్రం ఇవ్వాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నిబంధన, కాబట్టి తెలుగులో అడగడం మీ హక్కు. ఫోను మీద ఓటీపీ చెప్పించుకుని రెండు నిమిషాల్లో పని ముగించేచోట ఇది తెరమీద వచ్చి జారిపోతుంది. ఆపి చదవండి.

అందులో వెతకవలసింది ఏపీఆర్ అనే వరుస. వడ్డీతో పాటు ఫీజులు, బీమా వంటివి కలిపి తగ్గే బాకీ లెక్కలో ఏడాదికి ఎంత శాతం పడుతుందో అది చెబుతుంది. మన ఉదాహరణలో చీటీ మీద 12 అని ఉన్నా ఏపీఆర్ దగ్గర 26 చిల్లర కనిపించాలి. అక్కడ కూడా 12 అనే ఉంటే ఏదో తప్పు జరిగింది, వివరణ అడగాలి. ఆ పత్రంలో లేని రుసుమును మీ స్పష్టమైన అనుమతి లేకుండా తర్వాత వేయకూడదు. కార్డు బాకీలకు ఈ పత్రం నిబంధన వర్తించదు. కార్డు ఈఎంఐకి పైన చెప్పిన 2022 ఆదేశాల ప్రకారం చూపే వడ్డీ, తగ్గింపు వివరాలే ఆధారం.

## ఎవరికి ఏది

నెలజీతం ఉండి, కార్డు బిల్లు ప్రతి నెలా పూర్తిగా తీర్చేవాళ్లకు, నగదు తగ్గింపు లేని ఫోను మీద నో కాస్ట్ దొరికితే అదే ముందు. దొరకకపోతే వడ్డీతో కార్డు ఈఎంఐని, ఫ్లాట్ ఆఫరును ఫీజులతో సహా మొత్తం చెల్లింపు పెట్టి పోల్చుకోవాలి. శాతాలను పోల్చవద్దు. రెండూ వేర్వేరు కొలతలు.

కార్డు లేనివాళ్లకు, మొదటిసారి అప్పు తీసుకునేవాళ్లకు కౌంటరు ఫైనాన్సే అందుబాటులో ఉంటుంది. వాళ్లు చేయగలిగింది డౌన్ పేమెంట్ పెంచి గడువు తగ్గించడం, ఫీజు మీద బేరమాడటం, వద్దనుకున్న బీమాను తీయించడం. క్రమంగా కట్టిన వాయిదాలు క్రెడిట్ రికార్డులో మంచిగా నమోదవుతాయి, తప్పినవి కూడా అంతే నిక్కచ్చిగా నమోదవుతాయి.

పాత ఫోను ఇంకా పనిచేస్తుంటే ఇంకొక దారి ఉంది. నెలకు అదే 2,240 పక్కన పెడితే పదకొండో నెలకు 24,640 చేతిలో ఉంటుంది. వాయిదా దారిలో ఫోను మొదటిరోజే వస్తుంది కానీ కట్టేది పన్నెండు నెలలు. దాచుకునే దారిలో మధ్యలో ధర తగ్గినా, నగదు తగ్గింపు దొరికినా అదంతా మీకే మిగులు. పనికోసమే ఫోను కావలసినవాళ్లకు ఈ సలహా వర్తించదు. డెలివరీ పని చేసే మనిషికి ఫోను లేని ఒక వారం నష్టం, ఏడాది వడ్డీ కంటే పెద్దది కావచ్చు.

రాబడి నెలనెలా ఒకేలా లేనివాళ్లు వాయిదా మొత్తం కంటే వాయిదా తేదీని ఎక్కువ పట్టించుకోవాలి. బ్యాంకు ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కోసుకునే రోజు డబ్బు లేకపోతే ఫైనాన్స్ సంస్థ బౌన్స్ ఛార్జీ వేస్తుంది, మన బ్యాంకు కూడా వేరుగా వేయవచ్చు. ఒక్కసారికి రెండూ కలిపి 600 అయితే, అది ఏడాది మొత్తం వడ్డీలో ఐదో వంతు. వాయిదా ఆలస్యమైతే వేసేది అపరాధ వడ్డీగా కాకుండా అపరాధ రుసుముగానే ఉండాలనీ, దాన్ని అసలుకు కలిపి మళ్లీ వడ్డీ కట్టకూడదనీ 2024 నుంచి నిబంధన ఉంది. అయినా రుసుము రుసుమే. అందుకని పంట డబ్బో, వారం కూలీయో, కమీషనో ఏ తేదీకి ఖాతాలో పడుతుందో చూసుకుని, దానికి నాలుగైదు రోజుల తర్వాతి తేదీని వాయిదా రోజుగా పెట్టమని సంతకానికి ముందే అడగాలి. సంతకమయ్యాక తేదీ మార్చడం చాలాచోట్ల కుదరదు.